టీచ్డ్, బిల్డెడ్, డ్రింక్డ్: తప్పు ఎక్కడుంది, దిద్దేదెలా

ఇంగ్లిష్‌లో అయిపోయిన పనిని చెప్పాలంటే చాలా క్రియల చివర ‘ఈ-డీ’ చేరిస్తే చాలు. హెల్ప్ హెల్ప్డ్ అవుతుంది, వాక్ వాక్డ్ అవుతుంది, వాంట్ వాంటెడ్ అవుతుంది. ఈ సూత్రం పట్టుబడిన అభ్యాసకులు అదే ఊపులో టీచ్‌ను టీచ్డ్ అనీ, బిల్డ్‌ను బిల్డెడ్ అనీ, డ్రింక్‌ను డ్రింక్డ్ అనీ రాసేస్తారు. రావలసినవి టాట్, బిల్ట్, డ్రాంక్. మూడు తప్పులూ ఒకే దారిన వచ్చినవే. సూత్రం తెలుసు, ఈ మాటకు ఆ సూత్రం చెల్లదన్న సంగతి మాత్రం రాసే వేళకు గుర్తుకు రాలేదు. అయితే భూతకాలంలో దొర్లే తప్పులన్నీ ఈ కోవలోవి కావు. కొన్నిచోట్ల అభ్యాసకుడికి సరైన రూపం తెలిసే ఉంటుంది, దాన్ని పెట్టకూడని చోట పెడతాడు. ఈ రెండింటినీ విడదీయగలిగితేనే వాక్యాలు దిద్దిన ఫలితం దక్కుతుంది.

సూత్రం చేసే పని

అమెరికాలో జీన్ బెర్కో అనే భాషాశాస్త్రవేత్త 1958లో ఒక పరిశోధన ప్రచురించారు. ఆమె చిన్నపిల్లలకు బొమ్మలు చూపించి, ఏ నిఘంటువులోనూ లేని కల్పిత పదాలు వినిపించారు. ఒక బొమ్మలోని మనిషి ‘రిక్’ అనే పని చేస్తున్నాడు. నిన్న కూడా అదే పని చేశాడు. అయితే నిన్న ఏం చేశాడు? పిల్లలు ‘రిక్డ్’ అన్నారు. ఆ మాట వాళ్లు అంతకుముందు ఎక్కడా విని ఉండరు కాబట్టి అది అనుకరణ కాదు. సూత్రం వాళ్ల తలలో అప్పటికే పనిచేస్తోంది. టీచ్డ్ అనే మాట పుట్టేదీ అక్కడినుంచే.

ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న పిల్లల్లో ఈ తప్పు వచ్చే వరుస కూడా గమనించదగ్గది. మొదట్లో వాళ్లు కేమ్, వెంట్ వంటి రూపాలను విన్నది విన్నట్టు సరిగ్గానే అంటారు. ‘ఈ-డీ’ సూత్రం పట్టుబడ్డాక కమ్డ్, గోడ్ వంటివి మొదలవుతాయి. మరికొంతకాలానికి అవి వాటంతటవే తగ్గిపోతాయి. పైకి చూస్తే పిల్లవాడు వెనక్కి వెళ్లినట్టు ఉంటుంది గాని, నిజానికి కొత్తగా నేర్చిన సూత్రం తన హద్దు దాటింది, అంతే. గ్యారీ మార్కస్, స్టీవెన్ పింకర్, వాళ్ల సహచరులు 1992లో 83 మంది పిల్లల సంభాషణల రికార్డులను లెక్కగట్టారు. సూత్రానికి లొంగని క్రియలు భూతకాలంలో వచ్చిన ప్రతి 100 సందర్భాల్లో ఇటువంటి తప్పులు సుమారు రెండున్నర మాత్రమే. తల్లిదండ్రుల నోట తరచుగా వినిపించే క్రియల్లో తప్పులు ఇంకా తక్కువ.

పరిశోధకులు దీనికి చెప్పే వివరణ సూటిగా ఉంటుంది. డ్రింక్ అనగానే జ్ఞాపకం నుంచి డ్రాంక్ అనే రూపం వెంటనే పైకి వస్తే, అది సూత్రానికి అడ్డుపడుతుంది. ఆ రూపం రావడం ఆలస్యమైతే ఖాళీ చోటును సూత్రం నింపేస్తుంది. ఈ దారిలో వచ్చిన డ్రింక్డ్‌కు సూత్రం మళ్లీ చెప్పి ప్రయోజనం లేదు. బలపడవలసింది ఆ ఒక్క మాట జ్ఞాపకం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడుల్లో ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల పరిస్థితి కొంచెం వేరు. వాళ్లకు ఈ రూపాలు చెవిన పడటం కన్నా ముందు పట్టికలో కనిపిస్తాయి. వి-1, వి-2, వి-3 అంటూ టీచ్-టాట్-టాట్, డ్రింక్-డ్రాంక్-డ్రంక్ అని వల్లిస్తారు. వల్లించేటప్పుడు తడుముకోని విద్యార్థే సొంతంగా ఒక పేరా రాయమంటే డ్రింక్డ్ అని రాస్తాడు. వరుసలో అప్పజెప్పడం ఒక పని, అర్థం వెతుక్కుంటూ వాక్యం అల్లుతున్నప్పుడు ఆ ఒక్క రూపాన్ని పైకి తీయడం మరో పని. తెలుగులో ఈ మూడు క్రియలూ సాఫీగా నడుస్తాయి. నేర్పు నేర్పాడు అవుతుంది, కట్టు కట్టాడు అవుతుంది, తాగు తాగాడు అవుతుంది. అలాగని నేరం తెలుగు మీద వేయడానికి లేదు. ఇంగ్లిష్ ఇంట్లో పుట్టిన పిల్లలూ ఇదే తప్పు చేస్తున్నారు. పైగా రా వచ్చాడు కావడం, ఉండు ఉన్నాడు కావడం తెలుగులోనూ ఉన్నాయి.

మూడు క్రియలు, మూడు కుటుంబాలు

టీచ్, బిల్డ్, డ్రింక్ మూడింటినీ కలిపి ఇర్రెగ్యులర్ వెర్బ్స్ అంటారు గాని, వాటి తీరు ఒకటి కాదు.

టీచ్ వర్గంలో లోపలి అచ్చు మారుతుంది, చివర ‘ట్’ చేరుతుంది. టీచ్-టాట్, క్యాచ్-కాట్, బై-బాట్, బ్రింగ్-బ్రాట్, థింక్-థాట్ ఈ కోవలోవి. వీటిలో వి-2, వి-3 ఒకటే కాబట్టి ఒక్క రూపం గుర్తుంటే చాలు.

బిల్డ్ వర్గంలో చివరి ‘డ్’ ‘ట్’గా మారుతుంది. బిల్డ్-బిల్ట్, సెండ్-సెంట్, స్పెండ్-స్పెంట్, లెండ్-లెంట్, బెండ్-బెంట్. ఇక్కడ కూడా వి-2, వి-3 ఒకటే.

డ్రింక్ వర్గంలో చివర ఏదీ చేరదు, లోపలి అచ్చు రెండుసార్లు మారుతుంది. డ్రింక్-డ్రాంక్-డ్రంక్, రింగ్-రాంగ్-రంగ్, స్విమ్-స్వామ్-స్వమ్, బిగిన్-బిగాన్-బిగన్. మూడు రూపాలూ వేరు కాబట్టి తికమక ఎక్కువగా ఉండేది ఈ వర్గంలోనే.

కుటుంబాలు తెలిసినంత మాత్రాన కొత్త క్రియ రూపాన్ని ఊహించగలమా అంటే కుదరదు. టీచ్‌తో ప్రాస కలిసే రీచ్, ప్రీచ్ సూత్రం ప్రకారమే రీచ్డ్, ప్రీచ్డ్ అవుతాయి. సెండ్ సెంట్ అవుతుంది గాని మెండ్ మెండెడ్ అవుతుంది. లెండ్ లెంట్ అవుతుంది గాని బ్లెండ్ బ్లెండెడ్ అవుతుంది. డ్రింక్ డ్రాంక్ అయితే థింక్ థాట్ అవుతుంది, బ్లింక్ మాత్రం బ్లింక్డ్. మాట ధ్వనిని చూసి ఏది ఏ గుంపులోదో తేల్చే మార్గం లేదు. కుటుంబాలు జ్ఞాపకానికి ఆసరా ఇస్తాయి, జ్ఞాపకానికి బదులుగా పనికిరావు. కుటుంబాన్ని అతిగా నమ్మినవాళ్లు బ్రింగ్‌ను రింగ్ పక్కన చేర్చి ‘బ్రాంగ్’ అంటారు. అది ఇంకో రకం తప్పు.

ఈ చిక్కు చరిత్ర మిగిల్చింది. అచ్చు మార్చి భూతకాలం చెప్పడం ఇంగ్లిష్‌లో చాలా పాత పద్ధతి. చివర ప్రత్యయం చేర్చే పద్ధతి దాని తరవాత వచ్చి, క్రమంగా మిగతా క్రియలను తనలో కలుపుకుంది. 2007లో వెలువడిన ఒక పరిశోధనలో పాత ఇంగ్లిష్‌కు చెందిన 177 ఇర్రెగ్యులర్ క్రియలను తీసుకుని చూస్తే, నేటి ఇంగ్లిష్‌లో అలాగే మిగిలినవి 98 మాత్రమే. హెల్ప్‌కు ఒకప్పుడు ‘హోల్ప్’ అనే భూతకాలం ఉండేది. అది పోయి హెల్ప్డ్ నిలిచింది. తక్కువగా వాడే క్రియలు త్వరగా సూత్రానికి లొంగిపోయాయి, రోజూ నోట నలిగేవి పాత రూపాలతోనే బతికాయి. బిల్డెడ్‌కు కూడా ఒక గతం ఉంది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ అనువాదంలో ఆ రూపం కనిపిస్తుంది. ఈనాటి రాతలో మాత్రం బిల్ట్ ఒక్కటే ఒప్పు.

చూపు సాగవలసిన వరుస

వాక్యాలు దిద్దేటప్పుడు ‘ఈ-డీ’ల వేట మొదలుపెడితే సగం తప్పులు కంటపడవు. ముందు చోటు చూడాలి, ఆ తరవాత రూపం చూడాలి.

మొదట పేరా మొత్తంలో జరిగిపోయిన పనులను చెప్పే క్రియలన్నిటి కిందా గీత గీయాలి, ఒప్పుగా ఉన్నవాటి కింద కూడా. తరవాత ప్రతి క్రియకూ ముందున్న మాటలు చూడాలి. డిడ్, డిడ్ నాట్, టు, కెన్, కుడ్, విల్, మస్ట్ వంటివి ఉంటే అక్కడ వి-1 రావాలి. హావ్, హాజ్, హాడ్ ఉంటే వి-3 రావాలి. పని ఎవరిచేతనో జరిగిందని చెప్పే వాజ్, వర్ ఉన్నా వి-3 రావాలి. ముందు ఇవేవీ లేకుండా క్రియ ఒక్కటే భూతకాలాన్ని మోస్తుంటే వి-2 రావాలి. చోటు తేలిపోయాక రూపాన్ని నిఘంటువుతో సరిచూడాలి. మంచి లెర్నర్స్ డిక్షనరీలో టీచ్ అనే మాట దగ్గరే టాట్ అని ఇస్తారు; పుస్తకం చివర ఇర్రెగ్యులర్ వెర్బ్స్ పట్టిక కూడా సాధారణంగా ఉంటుంది. అలాంటి రూపమేదీ ఇవ్వలేదంటే ఆ క్రియ ‘ఈ-డీ’ సూత్రం ప్రకారం నడిచేదని అర్థం.

డిడ్ నాట్ తరవాత వి-1 ఎందుకన్నది తెలుగు తెలిసినవాళ్లకు తేలిగ్గానే అందుతుంది. తాగాడు అన్నప్పుడు కాలం క్రియలోనే ఉంది. తాగలేదు అన్నప్పుడు ‘తాగాడులేదు’ అనం. కాలాన్నీ కాదన్న అర్థాన్నీ ‘లేదు’ మోస్తుంది కాబట్టి ముందున్న ‘తాగ’ మీద కాలం గుర్తు ఉండదు. ఇంగ్లిష్‌లో ఆ బరువు మోసేది డిడ్. అది కాలాన్ని తీసుకున్నాక డ్రింక్ మారనవసరం లేదు.

ఒక పేరా దిద్దితే

హైస్కూలు విద్యార్థి రాతను పోలిన ఈ చిన్న పేరా చూడవచ్చు.

“లాస్ట్ సండే మై అంకుల్ కేమ్ టు అవర్ హౌస్. హి బిల్డెడ్ ఎ షెడ్ ఫర్ అవర్ కౌ. హి టీచ్డ్ మి టు మిక్స్ సిమెంట్. ఐ హెల్ప్డ్ హిమ్ అండ్ బ్రాట్ వాటర్. వి డ్రింక్డ్ బటర్‌మిల్క్, బట్ మై బ్రదర్ డిడ్ నాట్ డ్రాంక్ ఇట్. బై ఈవెనింగ్ వి హాడ్ డ్రాంక్ ఫైవ్ గ్లాసెస్. ది కౌ స్లెప్ట్ ఇన్ ది షెడ్ అండ్ మై అంకుల్ వెంటెడ్ హోమ్.”

ముందు చోట్లు తేల్చుకోవాలి. మిక్స్ ముందు టు ఉంది కాబట్టి అది వి-1గా ఉండటం సరైనదే. డిడ్ నాట్ తరవాత వి-1, హాడ్ తరవాత వి-3 రావాలి. మిగిలిన క్రియలన్నీ వి-2 చోట్లు. వాటిలో హెల్ప్ సూత్రం ప్రకారం నడిచే క్రియ కాబట్టి హెల్ప్డ్ ఒప్పు. సూత్రానికి లొంగని క్రియలు వి-2 చోట్లలో ఏడు ఉన్నాయి. కేమ్, బ్రాట్, స్లెప్ట్ మూడూ ఒప్పు. బిల్డెడ్, టీచ్డ్, డ్రింక్డ్, వెంటెడ్ నాలుగూ తప్పు. వీటికి తోడు డిడ్ నాట్ డ్రాంక్, హాడ్ డ్రాంక్ అనే రెండు చోట్ల పొరపాటు ఉంది. మొత్తం ఆరు తప్పులు.

ఆరింటికీ ఎర్ర సిరాతో గీత కొట్టి వదిలేస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. విడదీసి చూస్తే సంగతి వేరు. బిల్డెడ్, టీచ్డ్ సూత్రం హద్దు దాటిన తప్పులు. బిల్ట్, టాట్ అన్న రూపాలు అవసరానికి అందలేదు. వెంటెడ్‌లో వెంట్ అనే సరైన రూపం అందింది, కాని అది భూతకాలపు రూపమేనన్న నమ్మకం చాలక దాని మీద మళ్లీ ‘ఈ-డీ’ పడింది. అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది డ్రింక్ సంగతి. డ్రింక్డ్ ఒక్కదాన్నే చూస్తే ఈ విద్యార్థికి డ్రాంక్ అనే మాట తెలియదనిపిస్తుంది. తరవాతి మాటల్లోనే అది రెండుసార్లు ఉంది, రెండుసార్లూ తనది కాని చోట. అంటే రూపం తెలుసు, చోటు తెలియదు. ఈ విద్యార్థి చేత డ్రింక్-డ్రాంక్-డ్రంక్ అని మళ్లీ వల్లింపజేసి లాభం లేదు. వి డ్రాంక్, డిడ్ నాట్ డ్రింక్, హాడ్ డ్రంక్ అనే మూడు చోట్లను మూడు వాక్యాల్లో పక్కపక్కన పెట్టి చూపించాలి. హాడ్ డ్రాంక్ అని మాటల్లో అనే ఇంగ్లిష్‌వాళ్లు ఉన్నా, రాతలో ప్రామాణికం హాడ్ డ్రంక్.

దిద్దిన పేరాలో వాక్యాలు ఇలా మారతాయి: హి బిల్ట్ ఎ షెడ్, హి టాట్ మి, వి డ్రాంక్ బటర్‌మిల్క్, బట్ మై బ్రదర్ డిడ్ నాట్ డ్రింక్ ఇట్, వి హాడ్ డ్రంక్ ఫైవ్ గ్లాసెస్, మై అంకుల్ వెంట్ హోమ్.

తప్పులా కనిపించే ఒప్పులు

దిద్దేవాళ్లు పొరబడే చోట్లు కూడా ఉన్నాయి. ఫైండ్‌కు భూతకాలం ఫౌండ్ కాబట్టి ఫౌండెడ్ చూడగానే గీత కొట్టాలనిపిస్తుంది. సంస్థను స్థాపించడం అన్న అర్థంలో ఫౌండ్ విడిగా ఒక క్రియ. దానికి ఫౌండెడ్ సరైనదే. అబద్ధం చెప్పడం అనే అర్థంలో లై లైడ్ అవుతుంది, పడుకోవడం అనే అర్థంలో అదే లై లే అవుతుంది. బొమ్మ తగిలించినప్పుడు హంగ్, మనిషిని ఉరితీసినప్పుడు హాంగ్డ్. లర్న్‌కు లర్న్డ్, లర్న్ట్ రెండూ చెల్లుతాయి. అందుకే రూపాన్ని కొట్టేసే ముందు ఆ వాక్యంలో దాని అర్థం చూడాలి.

పుట్, కట్, హిట్, షట్ వంటివి మూడు చోట్లా మారకుండానే ఉంటాయి. ఐ కట్ ది రోప్ ఎస్టర్‌డే అన్న వాక్యంలో ‘ఈ-డీ’ లేదని కట్టెడ్ అని దిద్దితే ఒప్పును తప్పు చేసినట్టవుతుంది. రీడ్‌కు రాత మారదు, పలకడం మాత్రం రెడ్ అని మారుతుంది. ఈ తేడా నోట చదివిస్తేనే తెలుస్తుంది.

కంప్యూటర్‌లోని స్పెల్‌చెక్ కొంతవరకే అక్కరకొస్తుంది. నిఘంటువులో లేని టీచ్డ్ వంటి మాటను అది పట్టుకోగలదు. హాడ్ డ్రాంక్‌లో రెండు మాటలూ విడివిడిగా సరైనవే కాబట్టి, అక్షరాలు మాత్రమే చూసే స్పెల్‌చెక్‌కు అందులో లోపం కనిపించదు. ఫౌండ్ రావలసిన చోట ఫౌండెడ్ రాసినా ఇంతే. చోటు తప్పులను వాక్యం చదివే మనిషే పట్టుకోవాలి.

దిద్దిన తరవాత

ఎస్. పి. కార్డర్ 1967లో రాసిన వ్యాసంలో అభ్యాసకుల తప్పులను రెండుగా విడదీశారు. తెలిసి కూడా తొందరలో దొర్లేది ఒకటి, తెలియకపోవడం వల్ల వచ్చేది ఒకటి. ఏది ఏదో తేల్చడానికి సులువైన పరీక్ష ఉంది. సరైన రూపం చెప్పకుండా, మాట కింద గీత మాత్రమే గీసి తిరిగి చదవమనాలి. విద్యార్థి తనంతట తానే టాట్ అని మార్చగలిగితే అది తొందర తప్పు; చివర్లో ఒకసారి చదువుకునే అలవాటుతో అది పోతుంది. మార్చలేకపోతే ఆ రూపాన్ని అప్పుడు చెప్పాలి.

చెప్పిన వెంటనే మార్పు వస్తుందని ఆశించకూడదు. కోర్ట్నీ కాజ్డెన్ అనే పరిశోధకురాలు నమోదు చేసిన ఒక సంభాషణలో, టీచరు కుందేలు పిల్లలను పట్టుకున్నారని చెబుతూ ఒక చిన్నారి హోల్డెడ్ అంటుంది. ఎదుటివాళ్లు హెల్డ్ అనే మాట వాడుతూ అదే విషయాన్ని తిరిగి అడుగుతారు. ఆ పాప అవునంటూనే మళ్లీ హోల్డెడ్ అంటుంది. ఆమె మనసంతా కుందేళ్ల మీద ఉంది, ఎదుటివాళ్లు మార్చి పలికిన రూపం మీద లేదు. చదువుకునే వయసువాళ్లకు సరైన రూపాన్ని మాటల్లో కలిపి వినిపించడం ఒక్కటే చాలదు. గీత గీసి చూపాలి, ఆ రూపంతో వాళ్ల సొంత విషయం మీద ఒక వాక్యం రాయించాలి. పుస్తకం మూసి మర్నాడు ఒకసారి, వారం తరవాత ఒకసారి అదే క్రియ అవసరమయ్యే ప్రశ్న అడగాలి. హూ టాట్ యు సైక్లింగ్? అన్న ప్రశ్నకు పూర్తి వాక్యంలో జవాబు చెప్పమంటే టాట్ వాడే అవకాశం వస్తుంది. ఒకసారికి ఇలాంటి క్రియలు నాలుగైదు మించకుండా చూసుకోవాలి.

ప్రగతి తెలియాలంటే తప్పులను మాత్రమే లెక్కపెట్టడం సరిపోదు. నాలుగు తప్పులున్న పేరాలో అవకాశాలు ఏడా, నలభయ్యా అన్నదాన్ని బట్టి అర్థం మారిపోతుంది. పిల్లల మాటలను లెక్కగట్టిన పరిశోధకులు కూడా ఆ క్రియల ఒప్పులనూ తప్పులనూ కూడి, ఆ మొత్తంలో తప్పుల వాటా ఎంతో చూశారు. నోటుపుస్తకం వెనక పేజీలో క్రియ పేరు రాసుకుని, ఎదురుగా ఒప్పుకు ఒక గుర్తు, తప్పుకు ఒక గుర్తు పెడుతూ పోతే ఏ క్రియ నిలబడిందో, ఏది ఇంకా ఊగుతోందో స్పష్టంగా కనిపిస్తుంది. ఒకే పేజీలో టాట్, టీచ్డ్ రెండూ కనిపించడం మామూలే. కొత్త రూపం పాతదాన్ని ఇంకా పూర్తిగా తొలగించలేదని దాని అర్థం. ఖాళీలు పూరించే అభ్యాసంలో కాకుండా సొంతంగా రాసిన పేరాల్లో, వేర్వేరు రోజుల్లో, ఎవరూ గుర్తు చేయకుండానే టాట్ వస్తూ ఉంటే ఆ క్రియను జాబితా నుంచి కొట్టేసి తరవాతి దానికి వెళ్లవచ్చు.